ఇల్లుకా, ఇంటికా? తెలుగు నామరూపాలకు ఏ పద్ధతి పట్టుకోవాలి

చిత్తూరులో మా బామ్మర్దికి సరుకుల అంగడి ఉంది. ఆ మధ్య తెలుగులో రసీదు ఇచ్చే బిల్లింగు సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టించాడు. నేను తిరుపతి నుంచి వెళ్ళిన రోజు ఒక రసీదు నా చేతిలో పెట్టి, "బావా, ఇది ఏ ఊరి తెలుగో నువ్వే చెప్పు" అన్నాడు. చూస్తే పైన "సరుకు ఇల్లుకి పంపాలా?" అని, కింద "నెయ్యిలు: 2" అని ఉంది.

లోపల ఏం జరుగుతోందో కనుక్కోవడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. పట్టికలో సరుకు పేరు ఉంటుంది, లెక్క ఒకటి దాటితే దాని పక్కన "లు" అతుకుతుంది. ఎక్కడికి అన్నచోట "కి" అతుకుతుంది. బియ్యం బస్తాలకూ సబ్బులకూ అది చక్కగా నడిచింది. ఇల్లు దగ్గర తప్పులో కాలేసింది, నెయ్యి దగ్గర బొక్కబోర్లా పడింది. పైకి ఈ రెండూ ఒకే రకం తప్పులా కనిపిస్తాయి గానీ కాదు. "ఇల్లుకి" అన్నచోట సరైన మాట ఒకటుంది, సాఫ్ట్‌వేరుకు అది తెలియదు. "నెయ్యిలు" అన్నచోట సరైన మాట ఏమిటో నన్ను నిలదీసినా చెప్పలేను.

అక్షరదోషాలు పట్టే సాఫ్ట్‌వేరుకో, నిఘంటువుకో, ఇలాంటి బిల్లింగు పనికో తెలుగు నామవాచకాల రూపాలు తయారు చేసుకోవాల్సినవాళ్ళకు ముందు రెండు దారులు ఉంటాయి. తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఆ రెండూ చెవిన పడినవే. సంస్కృత పాఠశాల పక్కగా నడిస్తే పిల్లలు "రామః రామౌ రామాః" అని శబ్దాలు వల్లిస్తుంటారు. ప్రతి శబ్దానికీ ఒక పూర్తి పట్టిక, ఎనిమిది వరసలు, మూడు నిలువులు. కొత్త శబ్దం వస్తే "ఇది రామశబ్దంలా, అది హరిశబ్దంలా" అని సరిపోల్చుకుంటారు. ఇది రూపావళి పద్ధతి. ఇక్కడ మొత్తం పదమే ప్రాణం, ముక్కలు కాదు. అదే పాఠశాలలో పై తరగతిలో పాణిని సూత్రాలు చెబుతారు. అక్కడ పట్టిక ఉండదు. "సు, ఔ, జస్" మొదలుకొని ఇరవై ఒక్క ప్రత్యయాలు ఉంటాయి, ప్రకృతికి వాటిని చేర్చి ధ్వనిమార్పులు జరిపిస్తే రూపం పుట్టుకొస్తుంది. ఇది పదాంశ పద్ధతి. 1954లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త హాకెట్ వ్యాకరణ నమూనాల మీద రాసిన వ్యాసం పదాంశాలను వరసగా పేర్చే నమూనానూ, ఒక రూపం మీద ప్రక్రియ నడిపే నమూనానూ పోల్చి, పద-రూపావళి నమూనాను పేరు చెప్పి పక్కన పెట్టింది. ఆ తర్వాత దాన్ని వెనకేసుకొచ్చినవాళ్ళు చాలామంది వచ్చారు.

ఏది ఎంచుకోవాలో తేలాలంటే తెలుగు నామవాచకం ఎక్కడ మొండికేస్తుందో ముందు చూడాలి. అది అన్నిచోట్లా మొండికేయదు. "ఇంటికి, ఇంటిని, ఇంటితో, ఇంటినుంచి" అన్నీ "ఇంటి" మీద ప్రత్యయం పెట్టినవే, అందులో పేచీ లేదు. "ఇళ్ళకు, ఇళ్ళను, ఇళ్ళతో" అంతే. పేచీ అంతా "ఇల్లు" నుంచి "ఇంటి"కి, "ఇల్లు" నుంచి "ఇళ్ళు"కు దూకడంలో ఉంది. ఆ "ఇంటి"ని మన వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం ఇ, టి, తి అనే వర్ణాలను ఔపవిభక్తికాలుగా గుర్తించి, ఏ శబ్దాలకు ఏది వస్తుందో చెప్పింది. ఊరు-ఊరి, ఏరు-ఏటి, చెయ్యి-చేతి, ఈ మూడూ ఆ మూడింటికీ నమూనాలు.

కాబట్టి ఒక్కో పదానికి మూడు రూపాలు తెలిస్తే చాలు: పదం, దాని ఔపవిభక్తికం, దాని బహువచనం. బహువచనపు "లు"ను "ల" చేస్తే నాలుగోది వచ్చేస్తుంది. మిగతాదంతా అతుకుడే. ఎంపిక గురించి నేను చెప్పేదాంట్లో ముప్పాతిక భాగం ఇదే. మూడు రూపాల దగ్గర రూపావళి, వాటి తర్వాత పదాంశం. కానీ ఆ మూడు రూపాలను ఒక్కొక్కటిగా రాసుకోవాలా, సూత్రంతో పుట్టించాలా అన్న చోట అసలు తగాదా మొదలవుతుంది.

యకారపు ద్విత్వంతో ముగిసే అయిదు మాటలు తీసుకోండి: చెయ్యి, నుయ్యి, గొయ్యి, నెయ్యి, పొయ్యి. చెయ్యికి చేతి, నుయ్యికి నూతి, గొయ్యికి గోతి, నెయ్యికి నేతి. పదాంశ పద్ధతివాడు ఇక్కడ మీసం మెలేస్తాడు: "చివరి య్యి తీసెయ్, ముందున్న అచ్చును దీర్ఘం చెయ్, తి చేర్చు" అని ఒక్క సూత్రం, నాలుగు మాటలు. అదే పనిని రూపావళి పట్టికలో తీసివేత-చేర్పుగా రాస్తే మూడు వరసలు కావాలి. కంప్యూటరు దృష్టిలో "చెయ్యి" అంటే చ, ఎత్వం, య, పొల్లు, య, గుడి అనే ఆరు సంకేతాలు. చివరి అయిదూ తీసేసి "ేతి" చేర్చాలి. నెయ్యికీ అదే వరస సరిపోతుంది. నుయ్యికి మాత్రం "ూతి", గొయ్యికి "ోతి" కావాలి. సూత్రం ఒకటే అయినా వర్గాలు మూడైపోతాయి. అక్షర భారతి పేరుతో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు 1995లో వెలువరించిన పుస్తకంలో భారతీయ భాషల పదవిశ్లేషణకు చూపించినది ఈ తీసివేత-చేర్పు పట్టికల దారే. దానితో పని చేసినవాళ్ళకు వర్గాల సంఖ్య ఎలా పెరుగుతూ పోతుందో అనుభవమే. ఇంకో చిన్న తలనొప్పి కూడా ఉంది. "ేతి" అని విడిగా రాస్తే చాలా ఎడిటర్లలో ముందు ఒక చుక్కల వలయం కనిపిస్తుంది. అది అక్షరం అనుకుని చెరిపేశామా, వరస మొత్తం పోతుంది. నేను రెండుసార్లు చెరిపాను.

అయితే ఆ ఒక్క సూత్రం పొయ్యి దగ్గరికి వచ్చేసరికి చతికిలపడుతుంది. "పోతి మీద పాలు పెట్టాను" అని ఎవరూ అనరు. పొయ్యి మీద, పొయ్యిలో, పొయ్యిలు. ధ్వని చూస్తే గొయ్యికీ పొయ్యికీ మొదటి హల్లు ఒక్కటే తేడా. పదం ముఖం చూసి వర్గం చెప్పలేం అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అక్కర్లేకపోయినా ఒకటుంది, మునిసిపాలిటీ నోటీసులోనే దొరుకుతుంది. ఇంటి పన్ను, నీటి పన్ను అంటాం. ఆ పన్నుకు బహువచనం పన్నులు. నోట్లో ఉండే పన్నుకు ఔపవిభక్తికం పంటి, బహువచనం పళ్ళు, మా వైపు పెద్దవాళ్ళ నోట పండ్లు. ఒకే ధ్వని, ఒకే అక్షరాలు, రెండు వర్గాలు. "పన్ను నొప్పి" అంటే ఆదాయప్పన్ను కట్టే నెల గుర్తుకొస్తుంది, "పంటి నొప్పి" అంటే డాక్టరు గుర్తుకొస్తాడు. ఏ సూత్రమూ వీటిని విడదీయలేదు. ఈ పదం ఈ వర్గం అని ఎక్కడో ఒకచోట రాసుకోవాల్సిందే.

పదాంశవాదులు దీనికి జవాబు లేక కూర్చోలేదు. పాణినే చేశాడు. అస్థి, దధి, సక్థి, అక్షి అనే నాలుగు శబ్దాలకు కొన్ని విభక్తుల్లో అంగం, అంటే ప్రత్యయానికి ముందుండే భాగం, మారుతుంది, "దధినా" కాకుండా "దధ్నా" అవుతుంది. దానికి ఆయన ఆ నాలుగు మాటలనూ సూత్రంలోనే పేరుపెట్టి చెప్పాడు. అంటే సూత్రం రూపంలో ఒక జాబితా. తేడా ఎక్కడంటే, పదాంశ పద్ధతిలో జాబితా చివరికొచ్చే అపవాదం, అంటే మినహాయింపు; రూపావళి పద్ధతిలో జాబితాయే మొదలు. అపవాదాలు పది ఉంటే మొదటిది నయం. మామూలు వాడుకలో ఎక్కువగా తిరిగే మాటలే అపవాదాలైతే రెండోది నయం. తెలుగులో మొండి మాటలు ఇల్లు, ఊరు, కన్ను, కాలు, చెయ్యి, నోరు, నీరు, రాయి. ఇవి లేకుండా ఒక పేజీ తెలుగు రాయడం కష్టం.

ఇప్పుడు నెయ్యి దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఆసక్తి ఇక్కడే.

"నెయ్యికి బహువచనం ఎందుకు, అది ద్రవం కదా" అని తోసేయవచ్చు. కానీ నూనె కూడా ద్రవమే. "వంటనూనెలు పిరమయ్యాయి" అంటే ఎవరూ కనుబొమ్మ ఎగరెయ్యరు. పప్పులు, ఉప్పులు అని కూడా అంటాం. రకాలు అన్న అర్థంలో వస్తుపదాలు హాయిగా బహువచనం తీసుకుంటాయి. అదే అర్థంలో ఆవునెయ్యి, గేదెనెయ్యి రెండూ కలిపి ఏమంటాం? మా ఇంట్లో అడిగాను. మా ఆవిడ "నెయ్యిలు" అని, వెంటనే నవ్వి "కాదులే" అంది. మా అత్తగారు "రెండు రకాల నెయ్యి" అన్నారు. నేను "నేతులు" అని చూస్తే, ఎవరి నేతలు అని అడిగారు. ముగ్గురి నోటా పనికొచ్చే రూపం రాలేదు, ముగ్గురం అది రాలేదని గమనించాం. దీన్నే ఖాళీ గడి అంటారు. అర్థం ఉంది, వ్యాకరణం ఆ గడి ఉండాలంటోంది, మాట మాత్రం రాదు.

రష్యన్ భాషలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. "మెచ్తా" అంటే కల, కోరిక. దాని బహువచనంలో షష్ఠి రూపం సూత్రం ప్రకారం "మెచ్త్" కావాలి, కానీ రష్యన్లు దాన్ని వాడరు. ఆ అవసరం వస్తే పక్కనున్న ఇంకో మాట నుంచి "మెచ్తానియ్" అని అరువు తెచ్చుకుంటారు. మా అత్తగారు "రకాల నెయ్యి" అని తప్పుకున్నట్టే. ఖాళీ గడిని గుర్తుపట్టే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది: మనుషులు ఆ గడిని దాటడానికి పక్కదారి వెతుక్కుంటారు.

మరి ఎందుకు ఖాళీ? "లు" అతికించడం తెలుగులో ఎవరికీ తెలియని విద్య కాదు. నిన్న వచ్చిన ఇంగ్లీషు మాటకైనా తడుముకోకుండా అతికిస్తాం. పదాంశ పద్ధతికి ఇక్కడ ఊపిరాడదు, ఎందుకంటే దాని సామాన్య సూత్రం ఎప్పుడూ ఏదో ఒకటి పుట్టిస్తుంది. బామ్మర్ది రసీదు మీద పుట్టించింది అదే. 1973లో భాషాశాస్త్రవేత్త మోరిస్ హాలె రష్యన్ ఖాళీలకు ఒక ఉపాయం చెప్పాడు: సూత్రాలు అన్నీ పుట్టిస్తాయి, తర్వాత ఒక జల్లెడ "ఇది వాడకు" అని కొన్నింటికి ముద్ర వేస్తుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ ముద్ర నెయ్యికే ఎందుకు పడింది, నూనెకు ఎందుకు పడలేదు అంటే అది చెప్పదు.

రూపావళి వైపు నుంచి చూస్తే కొంత తెలుస్తుంది. నెయ్యి ఏకవచనంలోనే రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఉంది. "నేతిలో వేయించు" అంటాం, "నెయ్యిలో వేయించు" అనీ అంటాం. నేతిబీరకాయ, నేతి గారెలు అన్నచోట పాత వర్గం గట్టిగా ఉంది, "నెయ్యితో దీపం" అన్నచోట పొయ్యి వర్గం లాగుతోంది. చెయ్యి వర్గం వైపు నుంచి చూస్తే బహువచనం చేతుల్లాగా "నేతులు" కావాలి, పొయ్యి వర్గం వైపు నుంచి చూస్తే "నెయ్యిలు" కావాలి. ఏకవచనంలో ఈ పోటీ ఇబ్బంది పెట్టదు, రెండు రూపాలూ రోజూ వింటాం కనుక రెండూ బతికాయి. బహువచనాన్ని విన్నదే తక్కువ, పోటీని తీర్చేవాడు లేడు, కాబట్టి ఏదీ నిలబడలేదు. ఒకే పదం, ఒక గడిలో రెండు రూపాలు, ఇంకో గడిలో సున్నా, రెండింటికీ కారణం ఒకటే. తెలిసిన రూపాలను బట్టి తెలియని గడిని మనిషి ఎలా నింపుతాడన్నది రూపావళివాదుల మూలప్రశ్న. 2009లో ఆకర్మన్, బ్లెవిన్స్, మాలూఫ్ దాన్ని గడి నింపే సమస్య అని పేరుపెట్టి చర్చించారు. నెయ్యి దగ్గర మనం నింపలేకపోవడం ఆ ప్రశ్నకు వెనకవైపు.

ఈ వివరణను అన్ని ఖాళీలకూ అంటించకండి. పాలు అన్న మాటకు ఏకవచనం లేదు, కానీ దానికోసం ఎవరూ తడుముకోరు, అది పుట్టుకతోనే బహువచనం. పాలు పొంగాయి అంటాం, పొంగింది అనం. దాన్ని ఖాళీ అనడం కంటే వేరే వర్గం అనడం మేలు. నుయ్యి సంగతి ఇంకొకటి. మా వైపు అందరూ బావి అనే అంటారు, నూతి అన్నది మా పిల్లలకు పుస్తకంలో కనిపించే మాట. వాళ్ళు "నూతులు" దగ్గర ఆగితే అది భాషలో ఖాళీ కాదు, వాళ్ళకు ఆ మాటతో పరిచయం లేకపోవడం. అందుకే ఒక గడి ఖాళీ అని రాసే ముందు మూడు చూడండి: అదే అర్థం పక్క మాటకు బహువచనంగా ఒప్పుతోందా, ఆ మాటను రోజూ వాడేవాళ్ళే తడబడుతున్నారా, తడబడి పక్కదారి పడుతున్నారా. గ్రంథాలు గాలిస్తే దొరకలేదు అన్నది ఒక్కటే చాలదు. అరుదైన మాటకు అరుదైన రూపం దొరకకపోవడం మామూలే.

బామ్మర్ది అంగడికి నేను చివరికి తయారుచేసిన పట్టిక ఇలా ఉంటుంది:

```
పదం,ఔపవిభక్తికం,బహువచనం
ఇల్లు,ఇంటి,ఇళ్ళు|ఇండ్లు
చెయ్యి,చేతి,చేతులు
రాయి,రాతి,రాళ్ళు
పొయ్యి,పొయ్యి,పొయ్యిలు
నెయ్యి,నేతి|నెయ్యి,-
పన్ను#1,పన్ను,పన్నులు
పన్ను#2,పంటి,పళ్ళు|పండ్లు
నుయ్యి,నూతి,?
```

"-" అంటే చూశాం, లేదు. "?" అంటే ఇంకా చూడలేదు. మొదట్లో రెండింటికీ ఖాళీగానే వదిలేశాను. నెల తర్వాత ఏది ఏదో నాకే తెలియక మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి: రాయి, చెయ్యి రెండింటికీ ఔపవిభక్తికంలో "తి" ఉంది, బహువచనాలు మాత్రం రాళ్ళు, చేతులు. ఒక గడి తెలిస్తే ఇంకోటి తెలిసినట్టే అనుకోకూడదు, అందుకే రెండు నిలువులూ విడివిడిగా ఉండాలి. నిలువు గీత అటూ ఇటూ ఉన్న రూపాల్లో ఏది అచ్చు వేయాలో ప్రాంతాన్ని బట్టి పెట్టుకోవచ్చు. చిత్తూరులో "ఇండ్లు" తప్పు కాదు, దాన్ని ఎర్రగీత పెట్టి చూపించే సాఫ్ట్‌వేరుదే తప్పు.

ఈ పట్టిక తర్వాత అతుకుడు మొదలవుతుంది, అక్కడ ఒక్క గొయ్యి ఉంది. సప్తమిలో కుదింపు. ఇంటిలో కాస్తా ఇంట్లో, నోటిలో కాస్తా నోట్లో అవుతాయి, దీనికి సూత్రం సులువు. గుడిలో గుళ్ళో అవుతుంది, ఊరిలో ఊళ్ళో అవుతుంది. ముక్కలు చేసే పదవిశ్లేషకం "ళ్ళ" కనబడగానే బహువచనం అనేస్తుంది, "ఊళ్ళో పెళ్ళి" అంటే చాలా ఊళ్ళల్లో పెళ్ళి అని లెక్కవేస్తుంది. మా వైపు "ఊర్లో" అంటాం కనుక ఆ మాట దగ్గర బతికిపోయాం, "గుళ్ళో" దగ్గర బతకలేదు. ఇలాంటివాటిని పూర్తి పదంగా నాలుగో నిలువులో రాసుకోవడమే మంచిది. సూత్రంతో విడగొట్టబోతే నిజమైన బహువచనాలు కూడా దెబ్బతింటాయి.

ఇంతకీ ఎవరికి ఏది? మీ దగ్గరున్నవి ఎక్కువగా వ్యాపార వస్తువుల పేర్లూ, ఇంగ్లీషు నుంచి వచ్చినవీ అయితే పదాంశ పద్ధతి ఒక్కటే చాలు, పట్టికలు కట్టి పొద్దు పుచ్చుకోకండి. బస్సులు, సబ్బులు, ట్యాంకులు నేరుగా వస్తాయి. రోడ్డు-రోడ్లు, టికెట్టు-టికెట్లు లాంటి మార్పు చివరి ధ్వనిని చూసి చెప్పవచ్చు. తిరుపతి లడ్డు కూడా సూత్రానికి లొంగినదే: లడ్డు అన్నవాళ్ళు లడ్లు అంటారు, లడ్డూ అన్నవాళ్ళు లడ్డూలు అంటారు. నిఘంటువో, అక్షరదోష పరీక్షకమో, పాతా కొత్తా వచనం చదివే విశ్లేషకమో చేస్తుంటే మూడు నిలువుల పట్టిక లేకుండా దిగకండి. తెలుగులో ఇంటా వంటా తిరిగే మొండి నామవాచకాలను వేళ్ళ మీద కాకపోయినా ఒక నోటుబుక్కులో రాసేయవచ్చు, అవి ఎంత వాడుకలో ఉన్నా కొత్తవి పుట్టడం లేదు. ఇక మీ పని మనిషి మనసులో రూపాలు ఎలా ఉంటాయో తెలుసుకోవడమైతే, ఖాళీ గడుల దగ్గర రూపావళి వైపు మొగ్గుతాను నేను. ధ్వనిమార్పుల దగ్గర మాత్రం చెయ్యి-చేతి, నుయ్యి-నూతి, గొయ్యి-గోతిని మూడు వేర్వేరు వర్గాలుగా చూపించే పట్టికను నమ్మను. అక్కడ సూత్రమే నిజానికి దగ్గర.

రసీదు ఇప్పుడు "సరుకు ఇంటికి పంపాలా?" అంటోంది. నెయ్యి దగ్గర "-" కనబడితే సాఫ్ట్‌వేరు బహువచనాన్ని కొలత మీదికి నెట్టేసి "నెయ్యి ప్యాకెట్లు: 2" అని వేస్తుంది. మా అత్తగారు చేసినట్టే పక్కదారి. మొన్న బామ్మర్ది మళ్ళీ ఫోను చేశాడు.

"బావా, 'మజ్జిగలు: 3' అంటా ఉండాది. ఇది కూడా లేని మాటేనా?"

కాదు. మజ్జిగ రూపం నిక్షేపంగా ఉంది, పట్టికలో గడి నిండే ఉంది. ఆ మాట కావాలని ఎవరికీ అనిపించదు, అంతే. అతనికి మాత్రం ఆ వరసలోనూ "-" పెట్టుకోమని చెప్పాను. నా దగ్గరున్న పట్టికలో పెట్టలేదు.